గడియారం పంపని తీగ

ఒక కంప్యూటరులో ఎనిమిది బిట్లు ఎనిమిది తీగల మీద ఒక్కసారిగా పక్కపక్కనే నడుస్తాయి. అదే బైటును గది దాటించి మరొక యంత్రానికి చేర్చవలసివచ్చినప్పుడు ఎనిమిది తీగలు లాగడం ఖర్చుతో కూడిన పని. అందుచేత ఒకే తీగ మీద ఒక బిట్ తరువాత మరొక బిట్‌ను పంపుతారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ వెనుకనున్న సీరియల్ ద్వారం చేసినది ఇదే. నేటికీ ప్రయోగశాలల్లోని తూనికయంత్రాలూ, పీహెచ్ మీటర్లూ, చేతిలో ఇమిడే చిన్న సర్క్యూట్ బోర్డులూ ఈ పద్ధతినే పాటిస్తున్నాయి. విచిత్రమేమిటంటే ఆ తీగ మీద బిట్లు మాత్రమే వెళ్తాయి. ఏ బిట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పే గడియారం వెళ్లదు. పంపేవారి దగ్గర ఒక గడియారం, అందుకొనేవారి దగ్గర వేరొక గడియారం ఉంటాయి. ఆ రెండింటికీ ముఖపరిచయం లేదు. అయినా అక్షరం చెదరకుండా చేరుతుంది. అది ఎలా సాధ్యమో, ఎప్పుడు అసాధ్యమో చూడడమే ఈ వ్యాసం పని.

ముందుగా పంపే వైపు. పక్కపక్కన ఉన్న బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా మార్చే సాధనాన్ని షిఫ్ట్ రిజిస్టర్ అంటారు. వరుసగా అమర్చిన గదుల వంటిది అది. ఒక్కొక్క గదిలో ఒక బిట్ నిలుస్తుంది. ‘లోడ్’ సంకేతం ఇవ్వగానే గదులన్నీ ఒకేసారి నిండుతాయి. ఆపైన గడియారం కొట్టిన ప్రతిసారీ ప్రతి బిట్టూ పక్కగదిలోకి జరుగుతుంది. చివరి గదిలో ఉన్నదే తీగ మీద కనిపిస్తుంది. సమాంతరంగా లోనికి, వరుసగా బయటికి, అంతే.

ఉదాహరణకు తూనికయంత్రం ‘5’ అనే అంకెను పంపుతున్నదనుకుందాం. ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 53. ద్విసంఖ్యామానంలో అది ఇట్లా ఉంటుంది:

```
'5' = 53 = 0x35 = 00110101
```

ఈ పద్ధతిలో కుడివైపు చివరి బిట్ ముందుగా బయలుదేరుతుంది. తీగ ఖాళీగా ఉన్నప్పుడు ఎల్లవేళలా 1 స్థితిలోనే ఉంటుంది. అక్షరం వస్తున్నదని తెలియజేయడానికి ముందు ఒక 0ను పంపుతారు. అదే స్టార్ట్ బిట్. ఎనిమిది బిట్లు పోయిన తరువాత ఒక 1 వెళ్తుంది. అది స్టాప్ బిట్. కాబట్టి తీగ మీద నడిచే పది బిట్ల చట్రం ఇది:

```
0  1 0 1 0 1 1 0 0  1
```

ఈ పేర్లు కంప్యూటర్లకంటె పాతవి. టెలిప్రింటర్ల కాలంలో స్టార్ట్ సంకేతం రాగానే యంత్రంలోని తిరుగుడు భాగం విడుదలై ఒక్క చుట్టు తిరిగేది. స్టాప్ సంకేతం దగ్గర అది మళ్లీ నిలిచేది. చక్రాలు పోయాయి గాని మాటలు మిగిలాయి.

చేతితో ఈ పరికరాన్ని కట్టదలచినవారు సాధారణంగా 74165 అనే చిప్పును తీసుకుంటారు. దానిలో ఉన్నవి ఎనిమిది గదులే కనుక రెండింటిని గొలుసుగా కలపాలి. ఇక్కడ ఒక చిక్కు పొంచి ఉంది. ఈ చిప్పు లోడ్ సంకేతం కోసం గడియారాన్ని అడగదు. సంకేతం తగలగానే గదులు నిండుతాయి. చివరి గదిలో స్టార్ట్ బిట్‌ను ఉంచితే, గడియారపు రెండు దెబ్బల నడుమ ఎక్కడో అది తీగ మీదికి దూకుతుంది. అప్పుడు ఆ మొదటి బిట్ పొడవు ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటుంది. మిగిలిన తొమ్మిది బిట్లూ సరిగానే ఉన్నా, అందుకొనే యంత్రం కొలత ప్రారంభించేది ఆ మొదటి అంచు నుంచే కాబట్టి అక్షరాలు అప్పుడప్పుడూ, అకారణంగా చెడుతున్నట్లు కనిపిస్తాయి. దీనికి ఉపాయం సులభం. బయటి గదిలో 1ని, దాని వెనుక స్టార్ట్ బిట్‌ను, తరువాత ఎనిమిది బిట్లను, మిగిలిన ఆరు గదుల్లోనూ 1లను నింపాలి. లోడ్ చేసినప్పుడు తీగ 1గానే ఉంటుంది. తరువాతి గడియారపు దెబ్బకు స్టార్ట్ బిట్ వేళ తప్పకుండా వెలువడుతుంది. వెనుకవైపు ప్రవేశద్వారాన్ని శాశ్వతంగా 1కి కట్టివేస్తే, ఖాళీ అయిన గదులన్నీ 1లతో నిండుతాయి. స్టాప్ బిట్టూ, ఆ వెనుక నిశ్శబ్దమూ వేరే ఏర్పాటు లేకుండానే లభిస్తాయి.

ఇక అందుకొనే వైపు. వేగం సెకనుకు 9600 బిట్లయితే ఒక్కొక్క బిట్ తీగ మీద నిలిచేది దాదాపు 104 మైక్రోసెకన్లు. గ్రాహకం తన గడియారాన్ని దానికి పదహారు రెట్ల వేగంతో నడుపుకొంటూ తీగను గమనిస్తూ ఉంటుంది. 1 నుంచి 0కు జారిన క్షణాన లెక్క మొదలుపెడుతుంది. ఎనిమిది టిక్కులు గడిచాక, అంటే స్టార్ట్ బిట్ నడిమధ్యన, మరొకసారి చూస్తుంది. తీగ ఇంకా 0గానే ఉంటే అది నిజమైన ఆరంభం. 1గా మారి ఉంటే ఏదో మోటారు వేసిన తుంటరి చప్పుడని తలచి లెక్కను విడిచిపెడుతుంది. నిజమైనదయితే అక్కడినుంచి పదహారేసి టిక్కులకొకసారి చూస్తూ పోతుంది. మొదటి చూపు సరిగా మధ్యన పడింది గనుక తరువాతివన్నీ ఆయా బిట్ల మధ్యలోనే పడాలి. అంచుల దగ్గర తీగ వోల్టేజి ఇంకా ఎక్కుతూనో దిగుతూనో ఉంటుంది. నడుమనే నిలకడ ఉంటుంది.

కీలకమంతా ఇక్కడే ఉంది. రెండు గడియారాలూ ఎల్లకాలం ఏకీభవించనక్కరలేదు. స్టార్ట్ బిట్ అంచు నుంచి స్టాప్ బిట్ మధ్యభాగం వరకు, అంటే తొమ్మిదిన్నర బిట్ కాలాలపాటు, అర బిట్‌కంటె తక్కువ తేడాతో నడిస్తే చాలు. తరువాతి అక్షరపు స్టార్ట్ బిట్ దగ్గర పాత తేడా చెరిగిపోయి లెక్క మళ్లీ మొదలవుతుంది. అరను తొమ్మిదిన్నరతో భాగిస్తే నూటికి అయిదు కంటె కొంచెం ఎక్కువ వస్తుంది. అంచును పసిగట్టడంలో ఒక టిక్కు ఆలస్యం కావచ్చు గనుక అది నాలుగున్నరకు తగ్గుతుంది. ఆ సడలింపును రెండు యంత్రాలూ పంచుకోవాలి కాబట్టి ఒక్కొక్కరి వాటా నూటికి రెండు అని ఇంజనీర్లు లెక్కవేసుకుంటారు.

క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే గడియారంలో తప్పు సాధారణంగా నూటికి వందోవంతుకు అటూఇటూగా ఉంటుంది. ఈ లెక్కన ఇబ్బంది రాకూడదు. అయినా వస్తుంది. 1980లో ఇంటెల్ విడుదల చేసిన 8051 అనే మైక్రోకంట్రోలరు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అది సాధారణ ఏర్పాటులో తన స్ఫటిక వేగాన్ని 384తోనూ, తరువాత ఒక పూర్ణసంఖ్యతోనూ భాగించి బిట్ల వేగాన్ని తయారుచేస్తుంది. సులువుగా దొరికే 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని పెట్టి 9600 కావాలంటే ఆ సంఖ్య 3.255 కావాలి. భిన్నాలకు చోటు లేదు గనుక 3 పెడతారు. ఫలితం 9600 కాదు, 10417. ఒక్కొక్క బిట్ 104కు బదులు 96 మైక్రోసెకన్లే నిలుస్తుంది. తప్పు నూటికి ఎనిమిదిన్నర! స్ఫటికంలో దోషం లేదు, భాగహారంలో ఉంది.

ఇటువంటి యంత్రం పంపిన ‘5’ను సరైన 9600 వేగంతో చదివే పీసీ ఎట్లా అందుకొంటుందో వెంబడించి చూస్తే విషయం బోధపడుతుంది. పీసీ చూపులు 156, 260, 365, 469, 573 మైక్రోసెకన్ల దగ్గర పడతాయి. తీగ మీద బిట్లు 96, 192, 288, 384, 480 దగ్గర మొదలవుతున్నాయి. మొదటి నాలుగు చూపులూ తమ తమ బిట్లలోనే పడ్డాయి. అయిదవది, 573 దగ్గరిది, 576 దగ్గర ముగియబోయే బిట్ చివరి అంచుకు వేలాడుతోంది. అదృష్టవశాత్తూ దానికీ పక్కదానికీ విలువ 1 కాబట్టి తప్పు బయటపడదు. ఆరవ చూపు 677 దగ్గర. ఆరవ బిట్ 672కే ముగిసింది! చూడవలసిన 1కి బదులు ఏడవ బిట్ అయిన 0 కనిపిస్తుంది. ఏడవ చూపు 781 దగ్గర ఎనిమిదవ బిట్ మీద పడుతుంది. అదీ 0 కావడంవల్ల నష్టం లేదు. ఎనిమిదవ చూపు 885 దగ్గర ఏకంగా స్టాప్ బిట్‌ను తాకి 1ని తెచ్చిపెడుతుంది. చేరిన బైటు ఇది:

```
10010101 = 149
```

పంపినది 53, చేరినది 149. మరి స్టాప్ బిట్ ఈ తప్పును పట్టుకోవద్దా? తొమ్మిదవ చూపు 990 దగ్గర పడుతుంది. చట్రం 960కే అయిపోయింది. వెనుక మరొక అక్షరం లేకపోతే తీగ 1గా విశ్రమించి ఉంటుంది. గ్రాహకానికి కావలసినదీ 1 కాబట్టి అది తృప్తిపడి, తప్పుడు అక్షరాన్ని ఏ ఫిర్యాదూ లేకుండా అందజేస్తుంది. వెనువెంటనే మరొక అక్షరం వస్తున్నట్లయితే 990 దగ్గర దాని స్టార్ట్ బిట్ ఉంటుంది. స్టాప్ ఉండవలసినచోట 0 కనబడేసరికి ‘ఫ్రేమింగ్ ఎర్రర్’ జెండా ఎగురుతుంది. కనుక అక్షరాలను ఒక్కొక్కటిగా ఆగి ఆగి పంపినప్పుడు నిశ్శబ్దంగా తప్పులు, గుక్కతిప్పుకోకుండా పంపినప్పుడు ఫ్రేమింగ్ ఎర్రర్లు కనిపిస్తే, పంపే యంత్రం అందుకొనే దానికంటె వేగంగా నడుస్తున్నదని గట్టిగా అనుమానించవచ్చు. అనుభవం లేనివారు ఇటువంటప్పుడు కేబులును మార్చి చూస్తారు. కేబులు చెడితే తప్పులు ఇంత పద్ధతిగా ఉండవు. ఇక్కడ ‘5’ పంపిన ప్రతిసారీ అదే 149 వస్తుంది.

అనుమానాన్ని నివృత్తి చేసుకోవడానికి ‘U’ అక్షరాన్ని ఎడతెగకుండా పంపాలి. దాని బిట్లు 01010101. స్టార్ట్, స్టాప్ బిట్లు కలిసేసరికి తీగ మీద 0, 1 సమానంగా మారుతూ చక్కని చతురస్ర తరంగం ఏర్పడుతుంది. వేగం సరిగా 9600 అయితే ఆ తరంగం 4800 హెర్ట్జ్ చూపాలి. పై యంత్రాన్ని కొలిస్తే 5208 చూపుతుంది.

మందు రెండు విధాలు. స్ఫటికాన్ని తీసి 11.0592 మెగాహెర్ట్జ్‌ది పెడితే 384తో, 3తో భాగించగా ఖచ్చితంగా 9600 వస్తుంది. వింతగా తోచే ఆ సంఖ్య స్ఫటికాల జాబితాలో చోటు సంపాదించుకొన్నది ఈ భాగహారం కోసమే. బోర్డు మీద స్ఫటికం మార్చే వీలు లేనప్పుడు రెండువైపులా వేగాన్ని 2400కు తగ్గించడం మేలు. 12 మెగాహెర్ట్జ్‌ను 384తో, 13తో భాగిస్తే 2404 వస్తుంది. తేడా నూటికి ఆరోవంతు మాత్రమే కావడంచేత పదవ బిట్ దగ్గర కూడా చూపు నడిమధ్యకు అతి సమీపంలోనే పడుతుంది.