ఒకే సరుకు, రెండు లాభాలు

ఏడాది చివర మార్చి 31న వ్యాపారి గోడౌనులో మిగిలిన సరుకును లెక్కపెడతాడు. ఎన్ని డబ్బాలున్నాయో చెప్పడం తేలికే. వాటి విలువ ఎంత అనే దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఏడాది పొడవునా ఒక్కోసారి ఒక్కో ధరకు కొన్నప్పుడు, మిగిలినవి ఏ ధరవి అనుకోవాలి? ఈ ప్రశ్నకు మన దేశపు అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 రెండు జవాబులను ఒప్పుకుంటుంది. ఏ జవాబు ఎంచుకున్నామన్న దాన్ని బట్టి ఆ ఏడాది లాభం మారిపోతుంది.

మొదటిది ఫిఫో. ముందు కొన్న సరుకే ముందు అమ్ముడుపోయిందని, మిగిలింది చివర కొన్నదేనని దీని లెక్క. రెండోది భారిత సగటు. కొన్నదంతా ఒకే రాశిగా భావించి, పెట్టిన మొత్తాన్ని మొత్తం పరిమాణంతో భాగించి, అమ్మిన డబ్బాకూ మిగిలిన డబ్బాకూ ఆ ఒక్క ధరే వేస్తారు. రెండూ లెక్క కోసం చేసుకునే ఊహలే. పనివాడు పాత డబ్బాలను ముందు బయటకు తీశాడా, కొత్తవి తీశాడా అన్నదానితో వీటికి పని లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఓ హోల్‌సేల్ నూనె వ్యాపారి జీఎస్టీ కలపకుండా ఏప్రిల్‌లో డబ్బా 1,800 రూపాయల చొప్పున 150, ఆగస్టులో 2,000 చొప్పున 50, ఫిబ్రవరిలో 2,300 చొప్పున 100 కొన్నాడనుకుందాం. మొత్తం 300 డబ్బాలకు 6 లక్షలు పెట్టాడు. ఏడాదిలో 220 అమ్మితే 4,70,000 వచ్చింది. గోడౌనులో 80 మిగిలాయి.

ఫిఫో ప్రకారం ఆ 80 ఫిబ్రవరి సరుకే. డబ్బా 2,300 చొప్పున నిల్వ విలువ 1,84,000. పెట్టిన 6 లక్షల్లోంచి అది తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు 4,16,000. స్థూల లాభం 54,000.

ఇప్పుడు భారిత సగటు. 1,800, 2,000, 2,300లను కూడి మూడుతో భాగిస్తే 2,033 వస్తుంది కానీ అది తప్పు లెక్క. తక్కువ ధరకు కొన్న డబ్బాలే ఎక్కువ కాబట్టి వాటి వాటా ఎక్కువగా ఉండాలి. 6 లక్షలను 300తో భాగిస్తే సరైన సగటు 2,000. నిల్వ విలువ 1,60,000, అమ్మిన సరుకు ఖరీదు 4,40,000, స్థూల లాభం 30,000.

కొన్నవీ అమ్మినవీ గల్లాపెట్టెలో ఉన్నదీ పైసా మారలేదు. లాభం మాత్రం 24,000 తేడా వచ్చింది. అద్దె, జీతాలకు 20,000 పోతే ఒక లెక్కలో 34,000, మరో లెక్కలో 10,000 మిగులుతుంది. సరుకు విలువలో చిన్నగా కనిపించే తేడా, ఖర్చులు పోగా మిగిలే లాభంలో ఇంత పెద్దదవుతుంది.

ఆ 24,000 నగదు రూపంలో లేదు. గోడౌనులోని 80 డబ్బాల విలువలోనే ఉంది. అయినా దాని ప్రభావం నిజమైనదే. 30 శాతం శ్లాబులో ఉన్నవాడైతే ఫిఫోలో ఈ తేడా మీద 7,200 పన్ను కట్టాలి. అమ్మకమే జరగని సరుకు మీద చేతి డబ్బు పోతుంది. మరోవైపు బ్యాంకు సీసీ ఖాతాలో నిల్వ విలువ మీద 25 శాతం మార్జిను పట్టుకుని అప్పు ఇస్తే, ఫిఫో లెక్క చూపినవాడికి 18,000 అదనంగా వాడుకునే వీలుంటుంది. పన్ను కట్టేటప్పుడు తక్కువ లాభం, అప్పు అడిగేటప్పుడు ఎక్కువ నిల్వ కనిపిస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఏటా పద్ధతి మార్చడం కుదరదు. ఆదాయపు పన్ను లెక్కలకు వర్తించే ఐసీడీఎస్-2 కూడా ఈ రెండు పద్ధతులనే ఒప్పుకుంటూ, తగిన కారణం లేకుండా ఎంచుకున్నదాన్ని మార్చకూడదంటుంది.

అయితే ఈ తేడా శాశ్వతం కాదు. ఈ ఏడాది ముగింపు నిల్వే వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ. ఫిఫో వ్యాపారి 1,84,000 ఖర్చుతో కొత్త ఏడాది మొదలుపెడితే, సగటు వ్యాపారి 1,60,000తో మొదలుపెడతాడు. ఆ 80 అమ్ముడై గోడౌను ఖాళీ అయిన ఏడాది ఫిఫో లాభం 24,000 తగ్గుతుంది. రెండేళ్లు కలిపి చూస్తే మొత్తం ఒక్కటే. మారేది లాభం ఏ ఏడాదిలో కనిపిస్తుందన్నదే. ధరలు ఏటా పెరుగుతూ, నిల్వ కూడా అంతే ఉంచుతూ పోతే మాత్రం ఈ తీర్పు ఏడాదికేడాది వాయిదా పడుతుంది.

మరి ధరలు పడిపోతే? ఇక్కడ ఇంకో నియమం అడ్డు వస్తుంది. నిల్వను కొన్న ఖరీదుకో, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే మొత్తానికో, ఏది తక్కువైతే దానికే చూపాలి. మార్చి చివరికి మార్కెట్ దిగి డబ్బాకు 2,100 మాత్రమే వస్తుందనుకోండి. ఫిఫో నిల్వను 2,300 నుంచి 2,100కు దించాలి. 16,000 కోత పడి లాభం 38,000కు వస్తుంది. సగటు ధర ముందే 2,000 కాబట్టి అక్కడ కోత లేదు, 30,000 అలాగే ఉంటుంది. ఇంకా పడి 1,900కు చేరితే రెండు నిల్వలూ 1,52,000కే దిగుతాయి, రెండు లాభాలూ 22,000 అవుతాయి. అంటే పెరిగే ధరల్లో ఫిఫో చూపే అదనపు లాభం, మార్కెట్ తిరగబడితే ముందుగా కరిగేదీ అదే.

సగటు పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. పైన మనం ఏడాది చివర ఒకేసారి సగటు తీశాం. కొనుగోలు జరిగిన ప్రతిసారీ అప్పటికి ఉన్న నిల్వతో కలిపి కొత్త సగటు తీయడం మరో తీరు. మన వ్యాపారి ఆగస్టు కొనుగోలుకు ముందు 100, తర్వాత 50, ఫిబ్రవరి కొనుగోలు తర్వాత 70 అమ్మాడనుకుంటే సగటు ముందు 1,900కు, ఆపైన సుమారు 2,167కు మారుతుంది. లాభం దాదాపు 43,300, అంటే మిగతా రెండు లెక్కలకు మధ్యలో ఉంటుంది. ఫిఫోలో మాత్రం ఎప్పటికప్పుడు లెక్కేసినా, చివర ఒకేసారి వేసినా అదే 54,000.

చివర కొన్న సరుకే ముందు పోయిందనుకునే లిఫో అనే మూడో పద్ధతి అమెరికాలో ఇప్పటికీ ఉంది. పెరిగే ధరల్లో అది లాభాన్ని ఇంకా తగ్గించి చూపుతుంది. మన ప్రమాణాల్లో దానికి చోటు లేదు.

కాబట్టి షేర్లు కొనేవారు రెండు కంపెనీల లాభ శాతాలను పోల్చే ముందు వార్షిక నివేదికలో అకౌంటింగ్ విధానాల కింద ఇన్వెంటరీల పేరా చదవాలి. ఒకటి ఫిఫో, మరొకటి సగటు అయితే, ముడిసరుకు ధరలు ఎగబాకిన ఏడాది ఆ పోలిక సరిగా నిలవదు. అదే కంపెనీ పద్ధతి మార్చుకుంటే లాభం మీద పడిన ప్రభావాన్ని నోట్సులో వెల్లడించాలి, ముందు అది వెతకాలి. వ్యాపారికైతే ఒక ప్రశ్న చాలు: ఖాళీ అయిన ఆ 220 డబ్బాలను ఇవాళ్టి ధరకు మళ్లీ నింపాలంటే ఎంత కావాలి? డబ్బాకు 2,300 చొప్పున 5,06,000. అమ్మకాలు తెచ్చింది 4,70,000 మాత్రమే. లాభం 54,000 అన్నా 30,000 అన్నా, అంతే సరుకు మళ్లీ పెట్టాలంటే ఇంకో 36,000 బయటి నుంచి తేవాల్సిందే.