రాము పాలు తాగాడు: ఒక్క వాక్యం వెనక పాఠాల వరుస

ఏ ఇంటి గోడ మీద తెలుగు అక్షరాల పటం చూసినా మొదటి గడిలో అమ్మ, పక్కన ఆవు, ఆ తర్వాత ఇల్లు ఉంటాయి. బొమ్మ చూసి మాట పలికేంత వరకూ పిల్లలకు ఇబ్బందేమీ లేదు. అక్షరం శబ్దం గుర్తుండటానికే ఆ బొమ్మలు. ఆ మాటనే చదవమన్నప్పుడు చిక్కు వస్తుంది. ‘అమ్మ’లో మ ఒత్తు ఉంది. అదీ మ పోలికలో ఉండదు. ‘ఆవు’లో కొమ్ముంది. ‘ఇల్లు’లో ఒత్తు, కొమ్ము రెండూ ఉన్నాయి. గుణింతపు గుర్తు గానీ ఒత్తు గానీ లేనివి ఈగ, ఊయల, ఓడ లాంటి కొద్ది మాటలే. వాటిలోని హల్లులు కూడా అప్పటికి నేర్పినవి కావు.

అందుకే చదవడం నేర్పే పాఠాలను వర్ణమాల వరుసలో కాకుండా, నేర్పిన అక్షరాలతో వెంటనే మాటలు కట్టగలిగే వరుసలో పేర్చడం మేలు. మొదటి పాఠానికి అ, త, ల, వ, ప, డ చాలు. వీటితోనే అల, తల, వల, వడ, పడవ వచ్చేస్తాయి. క, గ, మ, ర కలిపితే పలక, కడవ, గడప, మడత చేరతాయి. ఆ వెంటనే సున్న నేర్పితే కలం, గంప, పండగ చదవగలుగుతారు. పది హల్లులైనా పూర్తికాకముందే పిల్లలు చదివేది నిజమైన మాటల్నే. 56 అక్షరాలూ అయ్యాకే మాటలంటే, ఎక్కడా తగలని ఙ, ఞల దగ్గర రోజులు గడిచిపోతాయి.

మాటలైతే వచ్చాయి కానీ వాక్యం రాదు. తెలుగు క్రియలు చాలావాటి చివర ఉకారం గానీ ఇకారం గానీ ఉంటుంది: తాగాడు, పాడింది. కొమ్ము, గుడి లేకుండా ఎవరూ ఏ పనీ చేసినట్టు రాయలేం. ఇక్కడే చాలామంది ఒక్కో హల్లుకూ గుణింతమంతా వల్లె వేయిస్తారు. దానికి బదులు ముందు దీర్ఘం, తర్వాత కొమ్ము, ఈ రెంటినే నేర్చిన హల్లులన్నిటికీ పెట్టించవచ్చు. అప్పుడు మొదటి వాక్యం తయారవుతుంది: ‘రాము పాలు తాగాడు.’ ఇందులో ఒక్క ఒత్తు లేదు, గుడి లేదు, ఎత్వం లేదు. అయితే కొమ్ములోనూ ఒక మెలిక ఉంది. వకి మామూలుగా కొమ్మిస్తే మ అనిపిస్తుంది కనుక వు, పు రాసేటప్పుడు కొమ్మును కిందికి దించుతారు. కాబట్టి లు, డు, ము ముందు. ఆవు, పులుపు ఆ తర్వాతి పాఠంలో.

వరుస తప్పిందో లేదో పట్టుకోవడం కష్టమేం కాదు. పాఠంలోని ప్రతి మాటనూ అక్షరాలుగా, గుర్తులుగా విడదీసి, ఒక్కొక్కటీ ఏ పాఠంలో నేర్పారో పక్కన రాయాలి. ఇదే పాఠంలో ‘రాము బడికి వెళ్ళాడు’ అని పెట్టారనుకుందాం. బ కొత్త హల్లు. కికి గుడి, వెకి ఎత్వం కావాలి. ళ, దాని ఒత్తు ఇంకా నేర్పలేదు. మూడు మాటల వాక్యంలో ఇన్ని ఖాళీలు! దాన్ని తీసేసి ‘రాము పాట పాడాడు’ అంటే ట ఒక్కటే కొత్తది. దాన్ని ఆ రోజు పాఠం మొదట్లోనే నేర్పేయవచ్చు. వర్తమానంలో చెప్పాలన్నా చిక్కే. ‘తాగుతున్నాడు’కి న ఒత్తు కావాలి. అందుకని ఒత్తులు వచ్చేదాకా జరిగిపోయిన పనుల కథలే రాసుకోవాలి, వాటిలోనూ ‘వచ్చాడు’, ‘తిన్నాడు’ ఆగాల్సిందే.

ఈ జాగ్రత్త తీసుకోని తరగతిలో కూడా పిల్లలు గలగలా చదివేస్తున్నట్టే ఉంటుంది. వాళ్ళు అప్పజెప్పేది కంఠతా వచ్చిన పాఠాన్ని. వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉంటుంది. బొమ్మ మూసేసి, అవే మాటలను వరుస మార్చి బల్ల మీద రాస్తే సంగతి తేలిపోతుంది.

ఈ కట్టుబాటు చదివించే మాటలకే గానీ, వినిపించే కథలకు కాదు. నేర్పినవాటితోనే రాసిన వాక్యాలు మొదట్లో చప్పగానే ఉంటాయి. పంతులమ్మ ఒత్తులూ సమాసాలూ నిండిన మంచి కథలను రోజూ చదివి వినిపిస్తే ఆ లోటు తీరుతుంది. తెలుగు మాటలు చెవిన పడటం తక్కువైన విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఇది మరీ అవసరం. వాళ్ళకు ‘కడవ’ అని చదవడం వచ్చినా అదేమిటో తెలియకపోవచ్చు. అర్థం తెలియని మాట కూడా ఇంకా నేర్పని విషయమే. వాళ్ళ పాఠంలో దాని బదులు ‘పడవ’, ‘పలక’ ఉంచితే మేలు.

ఒక మినహాయింపు మాత్రం తప్పదు. శ్రావ్య, ప్రణీత్ అనే పిల్లలు మొదటి రోజే తమ పేరు రాయాలనుకుంటారు. ఒత్తుల దాకా ఆగమనడం భావ్యం కాదు. పేరును బొమ్మలా చూసి గీసుకోనివ్వాలి. ‘దీని కింద ఉన్న గుర్తు సంగతి తర్వాత చెప్పుకుందాం’ అని పంతులమ్మ ముందే అనాలి. ఆ పేర్ల పట్టీని దగ్గర పెట్టుకుంటే, ఒత్తుల పాఠం వచ్చినప్పుడు ర ఒత్తు, య ఒత్తులకు ఉదాహరణలు వెతకనక్కర్లేదు.