జ్వరం దిగిన తరువాత నాడి చూడండి

డెంగీ జ్వరం దిగితే గండం గడిచిందనుకొంటాం. కాని అపాయం తరచుగా ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరిపోతుంది. ఆ లోటు తీర్చడానికి గుండె వేగంగా కొట్టుకొంటుంది.

మా సంఘంలో ఒక యువకుణ్ణి 5వ రోజున చూడబోయాం. ఒళ్ళు కాలడం లేదని ఇంటివారు సంతోషిస్తున్నారు. ఉదయం బి.పి. 110/70, నాడి 84 అని వ్రాసుకొన్నారు. సాయంత్రం మేము మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నిండు నిమిషం లెక్కించాం. 124 వచ్చింది, దారంలా సన్నగా తగిలింది. బి.పి. 100/84. "పై అంకె బాగానే ఉంది కదండీ అయ్యగారూ" అన్నది తల్లి. కాని రెండు అంకెల మధ్య తేడా ఉదయం 40, ఇప్పుడు 16. అది 20కి దిగితేనే ప్రమాదం. చేతులు చల్లగా ఉన్నాయి, మధ్యాహ్నం నుండి మూత్రం లేదు. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. సెలైను ఎక్కించారు, కోలుకొన్నాడు.

జ్వరం దిగిన 2 రోజులూ, 5 నిమిషాలు విశ్రాంతిగా ఉంచి, 4 గంటలకొకసారి నాడి, బి.పి. చూచి వ్రాయండి. మిషను అంకె చూపకపోతే అది చెడిందనుకోవద్దు. నాడి బలహీనమై అందకపోవచ్చు. అంకెలు బాగున్నా, విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత ఉంటే ఇంట్లో ఉంచవద్దు.