రెండు గొట్టాలు, ఒకే నీలం

ఒక గాజు గొట్టంలో పిండిపదార్థం కలిపిన నీళ్లు, కొద్దిగా లాలాజలం పోసి మంచుముక్కల మధ్య నిలబెట్టారు. రెండో గొట్టంలోనూ అవే పోశారు. కాకపోతే దానిలో వేసిన లాలాజలాన్ని ముందుగానే మరిగించి చల్లార్చారు. కొద్ది నిమిషాల తర్వాత రెండింటి నుంచీ చెరో చుక్క తీసి అయోడిన్‌తో కలిపితే రెండూ ముదురు నీలంగా మారతాయి. పిండిపదార్థం ఉన్నచోట అయోడిన్ నీలంగా మారుతుంది కాబట్టి రెండు గొట్టాల్లోనూ పిండి దాదాపు అలాగే ఉందన్నమాట. ఇప్పుడు రెండింటినీ 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూడాలి. మంచులోంచి వచ్చిన గొట్టంలో కాసేపటికి నీలం పోతుంది. మరిగించిన లాలాజలం ఉన్న గొట్టంలో ఎంతసేపు చూసినా పోదు.

పైకి ఒకేలా కనిపించిన రెండు ఫలితాల వెనక రెండు వేర్వేరు కారణాలున్నాయి. లాలాజలంలోని అమైలేజ్ మీద ఉష్ణోగ్రత ప్రభావం అన్న ప్రయోగం మన కాలేజీ ల్యాబుల్లో ఏళ్లుగా చేయిస్తున్నదే. దాని రిపోర్టులో ఉపోద్ఘాతం చేయవలసిన పని, ఈ రెండు కారణాల దగ్గరికి చదివేవాణ్ని నడిపించడమే.

చాలా రికార్డుల్లో ఈ నడక కనిపించదు. ఎంజైము అంటే ఏమిటో నిర్వచనం ఉంటుంది. తర్వాత తాళం-తాళంచెవి నమూనా, ఎంజైముల వర్గీకరణ, పరిశ్రమల్లో వాటి ఉపయోగాలు వరసగా వస్తాయి. ఆపైన ఉన్నట్టుండి ‘ఉష్ణోగ్రత మారితే చర్యా వేగం మారుతుంది’ అని ఒక ముక్క. రాసినవాటిలో తప్పేమీ లేకపోవచ్చు. కానీ ఆ రెండు పేజీల్లో ఉష్ణోగ్రత ఊసే రాలేదు. పరికల్పన ఎక్కడినుంచి పుట్టిందో ఎవరికీ అర్థం కాదు.

కాబట్టి మొదటి పేరా ప్రయోగానికి దగ్గరగానే మొదలవ్వాలి. పిండిపదార్థం గ్లూకోజ్ అణువులు గొలుసుగా కూడిన పెద్ద అణువు. అమైలేజ్ ఆ గొలుసును మధ్యమధ్యలో తెంపి మాల్టోజ్ అనే చక్కెరనూ, చిన్న చిన్న ముక్కలనూ మిగులుస్తుంది. గొలుసు తగినంత చిన్నదైపోయాక అయోడిన్ నీలం కాదు. ఈ పని చేసే పదార్థాన్ని 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి వేరుచేశారు. చరిత్రకు ఈ ఒక్క వాక్యం చాలు. చర్య మొదలవడానికి దాటాల్సిన శక్తి అడ్డంకిని ఎంజైము తగ్గిస్తుందనీ, తాను ఖర్చయిపోకుండా మళ్లీ మళ్లీ పనిచేస్తుందనీ చెప్పి ముందుకు కదలాలి.

తర్వాత వేగం సంగతి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చివరికి ఎంత పిండి అరిగిందన్నది పరిమాణం. నిమిషానికి ఎంత అరిగిందన్నది వేగం. ఈ ప్రయోగంలో పిండిని నేరుగా కొలవరు, నీలం పోవడానికి పట్టిన సమయాన్ని చూస్తారు. 37 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, 25 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు పట్టిందనుకుందాం. సమయం రెట్టింపయింది కాబట్టి వేగం సగానికి తగ్గింది. అన్ని గొట్టాల్లోనూ పిండి, ఎంజైము ఒకే మోతాదులో ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. సమయాన్ని చూసి వేగం ఎలా చెబుతున్నారో ఉపోద్ఘాతంలో ఒక వాక్యం రాస్తే, పరికల్పనలో ‘వేగం’ అన్న మాట దేన్ని సూచిస్తుందో తేలిపోతుంది.

ఇక ఉష్ణోగ్రత. దీనికి మాత్రం చోటు ధారాళంగా ఇవ్వాలి. వేడి పెరిగితే అణువులు వేగంగా కదులుతాయి. ఎంజైము, పిండి అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి, అడ్డంకిని దాటేంత శక్తి ఉన్న అణువుల సంఖ్యా పెరుగుతుంది. చాలా ఎంజైముల విషయంలో, అవి తట్టుకోగలిగినంత వరకు, 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఇది ఒక ప్రభావం. రెండోది దీనికి ఎదురు. అమైలేజ్ ఒక ప్రొటీన్. దాని గొలుసు ఒక ప్రత్యేకమైన ఆకారంలో మడతపడి ఉంటేనే పిండి అణువు దానిలో అమరుతుంది. వేడి హద్దు మీరితే ఆ మడతలను పట్టి ఉంచే బలహీన బంధాలు తెగిపోయి ఆకారం చెదిరిపోతుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొనకు జరిగేది ఇదే. చల్లారినంత మాత్రాన అది మళ్లీ పలచబడదు.

ఎంజైము ‘చనిపోయింది’ అని రాసే అలవాటు ఈ పేరాకే చేటు తెస్తుంది. చలికి నెమ్మదించినదాన్నీ, వేడికి ఆకారం చెడినదాన్నీ ఆ ఒక్క మాట కలిపేస్తుంది. ప్రయోగం విడదీయాల్సింది ఆ రెండింటినే.

ఈ రెండు ప్రభావాలూ చెప్పాక ప్రశ్న తనంతట తానే ముందుకొస్తుంది. లాలాజల అమైలేజ్ విషయంలో మొదటిదాన్ని రెండోది ఎక్కడ మించిపోతుంది? అప్పుడు ఉద్దేశాన్ని ఒక వాక్యంలో రాయాలి: 10, 25, 37, 50, 70 డిగ్రీల దగ్గర చర్యా వేగాన్ని పోల్చి చూడటం. ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, ఎన్ని సెకన్లకొక చుక్క తీశారు వంటివి ఇక్కడ అక్కర్లేదు. వాటికి పద్ధతి విభాగం ఉంది.

ఆ వెంటనే పరికల్పన. అది ఇలా ఉండవచ్చు: “10 నుంచి 37 డిగ్రీల వరకు చర్యా వేగం పెరుగుతుంది, 70 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. చలిలో వేగం తగ్గేది అణువుల కదలిక మందగించడం వల్ల, వేడిలో తగ్గేది ఎంజైము ఆకారం చెదరడం వల్ల. కాబట్టి 10 డిగ్రీల దగ్గర ఉంచిన ఎంజైమును 37 డిగ్రీలకు తెస్తే వేగం తిరిగి వస్తుంది, 70 డిగ్రీల దగ్గర ఉంచినదాన్ని తెస్తే రాదు.” ఇందులో ప్రతి మాటకూ పై పేరాల్లో ఆధారం ఉంది. చివరి వాక్యమైతే మరీ విలువైనది, ఎందుకంటే అది తప్పని తేలే అవకాశం ఉంది. ‘వేగం మారుతుంది’ అన్న వాక్యాన్ని ఏ ఫలితమూ కాదనలేదు.

రాసినది సరిగా నడిచిందా లేదా తెలుసుకోవాలంటే పరికల్పన మీద చెయ్యి అడ్డుపెట్టి, ఆ పై భాగాన్ని ఒక స్నేహితుడి చేత చదివించాలి. ఏం జరుగుతుందని అనుకుంటున్నావని అడగాలి. దాదాపు అదే జవాబు వస్తే వరస కుదిరినట్టు. రాకపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పిపోయింది. అది ఎక్కువగా ప్రొటీన్ ఆకారం గురించిన మెట్టే అయి ఉంటుంది.

70 డిగ్రీల గొట్టం దగ్గర ఒక మోసం పొంచి ఉంటుంది. పిండి, అయోడిన్ కలిసినప్పుడు వచ్చే నీలం వేడికి వెలిసిపోతుంది, చల్లారగానే తిరిగి వస్తుంది. వేడి ద్రావణంలోనే అయోడిన్ కలిపి చూసినవారు, పిండి అంతా అరిగిపోయిందనుకుని తమ పరికల్పన తప్పిందని రాసేస్తారు. చుక్కను పింగాణీ పలక మీద చల్లారనిచ్చి చూస్తే సంగతి బయటపడుతుంది. లాలాజలం వేయని గొట్టం ఒకటి పక్కనే అదే వేడిలో ఉంచితే అనుమానం పూర్తిగా తీరుతుంది.

ఒక్కోసారి 50 డిగ్రీల గొట్టంలో 37 కంటే ముందే నీలం పోవచ్చు. ఆకారం చెదరడానికీ కొంత సమయం పడుతుంది. ఆ లోపే పిండి అరిగిపోతే నష్టం లెక్కలోకి రాదు. అదే ఎంజైమును పిండి కలపడానికి ముందు 50 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచితే ఫలితం వేరుగా రావచ్చు. అలా జరిగినప్పుడు ఉపోద్ఘాతానికి తిరిగి వెళ్లి పరికల్పనను దిద్దకూడదు. అది ప్రయోగానికి ముందు రాసినట్టుగానే ఉండాలి. ఎంజైము ఆ వేడిలో ఎన్ని నిమిషాలు ఉందో, అందువల్ల ఏ తేడా వచ్చిందో చర్చ విభాగంలో రాయాలి.