చివర 255 ఉంటే బ్రాడ్‌కాస్టేనా? సబ్‌నెట్టింగ్ ప్రశ్నని బిట్లతో చేద్దాం

ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. నేను చదువుకునే రోజుల్లో పరీక్షలో తప్పు రాసిన ప్రశ్న ఇలాంటిదే. పెన్ను, కాగితం పక్కన పెట్టుకోండి.

ఒక కంప్యూటర్ అడ్రస్ 172.16.45.200/20. అదే సబ్‌నెట్‌లో ఇంకో కంప్యూటర్‌కి ఈ నాలుగింటిలో ఏది ఇవ్వొచ్చు? 172.16.32.0, 172.16.46.255, 172.16.47.255, 172.16.48.1.

అప్పట్లో నేను పట్టిక మొత్తం బట్టీ కొట్టాను. /25 అంటే 128, /26 అంటే 192, ఇలా. దాంతోపాటు "చివర 0 ఉంటే నెట్‌వర్క్, చివర 255 ఉంటే బ్రాడ్‌కాస్ట్" అని కూడా తలలో పడిపోయింది. అందుకే 46.255ని చూడగానే కొట్టేశాను. మిగిలింది 48.1 కదా అని అదే పెట్టాను. మార్కు పోయింది. ఎందుకు పోయిందో ఇప్పుడు చూద్దాం.

/20 అంటే మొత్తం 32 బిట్లలో మొదటి 20 నెట్‌వర్క్‌వి, మిగతా 12 హోస్ట్‌వి. అంతకు మించి దాని అర్థం ఏమీ లేదు. ఒక్కో ఆక్టెట్‌కి 8 బిట్లు కాబట్టి 172, 16 కలిపి 16 బిట్లు అయిపోయాయి. ఇంకా 4 కావాలి. అవి మూడో ఆక్టెట్‌లోంచి వస్తాయి. అంటే గీత పడేది సరిగ్గా 45 మధ్యలో. బైనరీలోకి మార్చాల్సింది ఆ ఒక్క సంఖ్యనే, మొత్తం అడ్రస్‌ని కాదు.

45ని మారుద్దాం. 128 పడుతుందా? పట్టదు, 0. 64 పట్టదు, 0. 32 పడుతుంది, 1 వేసి తీసేస్తే 13 మిగిలింది. 16 పట్టదు, 0. 8 పడుతుంది, 1, మిగిలింది 5. 4 పడుతుంది, 1, మిగిలింది 1. 2 పట్టదు, 0. ఆఖరికి 1. ఇప్పుడు నాలుగు బిట్ల తర్వాత గీత గీయండి.

```
45 = 0010 | 1101
32 = 0010 | 0000
47 = 0010 | 1111
```

గీతకి ఎడమవైపు ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. కుడివైపు అన్నీ సున్నాలు చేస్తే 32 వచ్చింది. నాలుగో ఆక్టెట్ కూడా హోస్ట్ వైపే ఉంది కాబట్టి అది 0. అంటే నెట్‌వర్క్ అడ్రస్ 172.16.32.0. అలాగే కుడివైపు అన్నీ ఒకట్లు చేస్తే 47, చివర 255. బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255. ఈ రెండింటి మధ్య ఉన్నవన్నీ కంప్యూటర్లకి ఇవ్వొచ్చు. 12 బిట్లతో 4096 అడ్రస్‌లు, ఈ రెండూ తీసేస్తే 4094.

ఇప్పుడు ఆప్షన్లకి వద్దాం. 32.0 నెట్‌వర్క్, 47.255 బ్రాడ్‌కాస్ట్, రెండూ పోయాయి. 48 అంటే 0011 0000. ఎడమవైపు 0010 కాస్తా 0011 అయిపోయింది, అది పక్క సబ్‌నెట్. ఇక 46.255 చూడండి. 46 అంటే 0010 1110. హోస్ట్ బిట్లు 1110, దాని తర్వాత ఎనిమిది ఒకట్లు. మధ్యలో ఒక సున్నా ఉంది కదా! పన్నెండూ ఒకట్లు అయితేనే బ్రాడ్‌కాస్ట్. కాబట్టి ఇది మామూలు హోస్ట్ అడ్రసే, జవాబు ఇదే. అదే లెక్కన 172.16.46.0 కూడా హోస్ట్‌కి ఇవ్వొచ్చు.

నేను బట్టీ పట్టిన మాట అబద్ధం కాదండి, అది /24కి నిజం. అక్కడ గీత సరిగ్గా ఆక్టెట్ చివర పడుతుంది, అందుకే 0, 255 అని కనిపిస్తాయి. గీత జరిగితే ఆ మాట చెల్లదు. రెండో వైపు కూడా చూడండి: 192.168.1.63/26లో చివర 255 లేదు, కానీ 63 అంటే 00 | 111111, కాబట్టి అది బ్రాడ్‌కాస్ట్.

ఒక్క జాగ్రత్త. రెండు తీసేయడం అనే లెక్క /30 వరకే. రెండు రౌటర్ల మధ్య లింక్‌కి వాడే /31లో రెండు అడ్రస్‌లూ వాడుకోవచ్చు, ఆర్ఎఫ్‌సీ 3021 దానికి అనుమతి ఇచ్చింది.

ఇక మీ వంతు. 10.1.99.255/21 హోస్ట్‌కి ఇవ్వొచ్చా? ఈసారి గీత మూడో ఆక్టెట్‌లో ఐదు బిట్ల తర్వాత పడుతుంది. మీకు నెట్‌వర్క్ 10.1.96.0, బ్రాడ్‌కాస్ట్ 10.1.103.255 అని వస్తే సరిగ్గా చేసినట్టే, అడ్రస్ ఇవ్వొచ్చు. వేరే ఏదైనా వస్తే గీత ఎక్కడ గీశారో ముందు అది చూసుకోండి, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఉంటానండి.