పొడుపు కథలతో కార్డుల ఆట – రూపకల్పనలో పాటించవలసిన పద్ధతులు
(ప్రత్యేక వ్యాసం)

గోదావరి డెల్టా గ్రామాలలో పెద్దల నోట వినిపించే పొడుపు కథలను పిల్లలు ఆడుకొనే కార్డుల ఆటగా మలచడం పైకి సులువైన పనిగానే కనిపిస్తుంది. ఒక కార్డుపై పొడుపు, మరొక కార్డుపై విడుపు ముద్రిస్తే చాలునని చాలామంది భావిస్తారు. అయితే అలా తయారైన ఆట మొదటి పూటే తగవుకు దారి తీస్తుంది. ఒకే పొడుపుకు ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు కార్డులు చూపి, ఇద్దరూ తమదే సరియైన జవాబని వాదిస్తారు. తరచుగా ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంటుంది.

ఇందుకు కోనసీమలోనే చక్కని ఉదాహరణ కలదు. మూడు కళ్ళు ఉన్నా శివుడు కానిది, చెట్టుపై ఉన్నా పక్షి కానిది, లోపల నీళ్ళున్నా కుండ కానిది ఏమిటన్న పొడుపుకు కొబ్బరికాయ జవాబు. ఇదే భావం సంస్కృతంలోనూ ప్రసిద్ధం. కాని డెల్టాలో కొబ్బరి చెట్టుకు దీటుగా తాటిచెట్టు కూడా ఉన్నది. లేత తాటికాయను అడ్డంగా కోస్తే సాధారణంగా మూడు ముంజలు కళ్ళవలెనే కనిపిస్తాయి. ముంజలోనూ నీరు ఉంటుంది. కట్టలో ముంజకాయ కార్డు కూడా ఉన్నట్లయితే దానిని చూపిన పిల్లవానిని తప్పుపట్టడానికి వీలులేదు. ‘గుడి ముందు తల పగులును’ అన్న నాలుగవ గుర్తును చేర్చినప్పుడు ముంజకాయ తప్పుకొని కొబ్బరికాయ ఒక్కటే మిగులుతుంది. ఇంటిలో నోటితో చెప్పుకొనేటప్పుడు ఈ ఇబ్బంది ఉండదు. అక్కడ అడిగిన అమ్మమ్మ మాటే తీర్పు. కార్డుల ఆటలో అమ్మమ్మ ఉండదు కనుక ఆ తీర్పును పొడుపులోనే ఇమిడ్చవలసి ఉంటుంది. కనుక ప్రతి పొడుపునూ కట్టలోని జవాబులన్నింటితోనూ సరిచూసిన తరువాతనే ముద్రణకు పంపాలి.

కట్ట పరిమాణాన్ని కాగితమే నిర్ణయిస్తుంది. మామూలు పేకముక్క కొలతకు దగ్గరగా 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు తీసుకొంటే ఒక ఏ4 అట్టపై తొమ్మిది కార్డులు వస్తాయి. పన్నెండు అట్టలకు 108 కార్డులు. వీటిలో 46 పొడుపులకు, 46 విడుపులకు కేటాయించి, మిగిలిన 16 ఖాళీగా ఉంచవచ్చును. విడుపు కార్డుపై వస్తువు బొమ్మ, దాని క్రింద పేరు ఉండాలి. కొబ్బరికాయను రాయలసీమలో టెంకాయ అంటారు కనుక అటువంటి చోట రెండు పేర్లూ వేయడం మంచిది. పొడుపు కార్డు అడుగున జవాబును చిన్న అక్షరాలతో తలక్రిందులుగా ముద్రించాలి. చదివేవారు దానిని చూసి తీర్పు చెబుతారు.

ఆడే పద్ధతికి జపాన్ దేశపు ‘కరుత’ ఆట నుండి ఒక మెళకువ తీసుకొనవచ్చును. అక్కడ ఒకరు పద్యం చదువుతుంటే ఆటగాళ్ళు దానికి సరిపడే కార్డును ముందుగా అందుకోవడానికి పోటీపడతారు. పోటీలలో మొత్తం నూరు కార్డులు ఉన్నా యాభై మాత్రమే పరుస్తారు. అందువల్ల చదివిన పద్యానికి కార్డు నేలపై లేకపోవచ్చును కూడా. తెలుగు ఆటలోనూ 46 విడుపులను కలిపి 23 మాత్రమే పరచాలి. పొడుపు చదవగానే సరియైన కార్డుపై ముందుగా చేయి వేసినవారికి రెండు పాయింట్లు. జవాబు కార్డు పరచిన వాటిలో లేదని గ్రహించి ముందుగా ‘లేదు’ అన్నవారికి ఒక పాయింటు. పొరపడితే ఒక పాయింటు కోత. ఈ నియమం లేకపోతే పిల్లలు పొడుపు పూర్తిగా వినకుండానే, మిగిలిన బొమ్మలను బట్టి ఊహించి చేయి వేస్తారు.

పాత పొడుపులతో వచ్చే అసలు చిక్కు మరొకటి ఉన్నది. కుండలో నాట్యమాడే కవ్వం, ఇంటిలో తిరుగుతూ పిండి రాల్చే తిరగలి నేటి పిల్లలలో అనేకులు కంటితో చూడనివి. ఆటను ప్రయోగాత్మకంగా ఆడించినప్పుడు ఒక పొడుపును ఎవరూ విప్పలేకపోతే, లోపం పొడుపులో ఉన్నదా లేక వస్తువు తెలియకపోవడంలో ఉన్నదా అని తేల్చుకోవాలి. అందుకు విడుపు బొమ్మను చూపితే చాలును. చూడగానే వివరణ అడగకుండా ‘అవును కదా!’ అన్నారంటే పొడుపు మంచిదే, వస్తువే వారికి దూరమైనది. బొమ్మ చూసిన తరువాత కూడా ఎందుకని అడుగుతుంటే ఆ పొడుపును మార్చాలి, లేదా తీసివేయాలి. మొదటి రకానికి చెందిన పొడుపులను తొలగించరాదు. వాటిని బట్టీపట్టించడం కూడా వృథా. ఆ వస్తువును ఒకసారి చేతికి ఇచ్చి త్రిప్పనిస్తే పొడుపు తిరిగి ప్రాణం పోసుకొంటుంది.

ఖాళీ కార్డులు ఉన్నది ఇందుకే. పిల్లలు తాము చూస్తున్న వస్తువులపై కొత్త పొడుపులు కట్టి వాటిపై వ్రాస్తారు. 1963లో జానపద పరిశోధకులు రాబర్ట్ జార్జెస్, అలన్ డండెస్ పొడుపు నిర్మాణాన్ని విశ్లేషిస్తూ, వర్ణనలో వైరుధ్యం ఉన్నవి, లేనివి అని రెండు తరగతులుగా విభజించారు. పిల్లలకు మొదటి తరగతి త్వరగా పట్టుబడుతుంది. ఏదో ఒక పోలిక చెప్పి, వెంటనే దానిని కాదనడమే ఇందులోని కిటుకు.

పాయింట్ల లెక్కను జాగ్రత్తగా నిర్ణయించాలి. పొడుపు కట్టినవారికి ఊరికే పాయింట్లు ఇస్తే ఎవరికీ అంతుచిక్కని మాటలు పుడతాయి. కఠినత్వానికి పాయింట్లు ఇచ్చినా ఫలితం అదే. 2008లో వెలువడిన ఫ్రెంచి ఆట ‘దిక్సిత్’లో అందరూ కనుగొన్నా, ఎవరూ కనుగొనలేకపోయినా సూచన ఇచ్చినవారికి పాయింట్లు రావు. అదే సూత్రాన్ని కొద్దిగా సడలించి, కొందరు మాత్రమే విప్పితే కట్టినవారికి మూడు, అందరూ విప్పితే ఒకటి, ఎవరూ విప్పలేకపోతే సున్నా ఇవ్వవచ్చును. విప్పేవారు తమ జవాబును చీటీపై రహస్యంగా వ్రాయాలి. కట్టినవారు తమ జవాబును ముందుగానే చదివేవారికి చూపాలి. లేనిపక్షంలో మధ్యలో మార్చే ప్రమాదం ఉన్నది!

ఉదాహరణకు చదివేవారు కాక ఐదుగురు ఆడుతున్నారని అనుకొందాము. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ గోదావరిపై నడిచిన పంటును దృష్టిలో ఉంచుకొని ఒక బాలిక ఈ విధంగా కట్టినది: ‘బస్సును మోయును, చక్రాలు లేవు. రెండు గట్లను కలుపును, తాడు కాదు.’ మిగిలిన నలుగురిలో ఇద్దరు పంటు అని, ఇద్దరు వంతెన అని వ్రాశారు. కొందరే విప్పారు కనుక బాలికకు మూడు పాయింట్లు రావలసినట్లు తోస్తుంది. కాని వంతెనకూ గుర్తులన్నీ సరిపోయాయి. ఇటువంటప్పుడు కట్టినవారికి సున్నా, సరిపోయే మరొక జవాబు చూపినవారికి రెండేసి పాయింట్లు అన్న నియమం ఉండాలి. బాలిక తరువాతి వంతులో ‘వరద వస్తే పని మానును’ అని చేర్చినది. వరదలో పంటు ఆగుతుంది, వంతెన నిలుస్తుంది. ఇప్పుడు ఆ పొడుపు ఖాళీ కార్డుపైకి ఎక్కడానికి అర్హత పొందినది. కొబ్బరికాయ, ముంజకాయ తగవును తీర్చిన పద్ధతే ఇక్కడ కూడా పనిచేసినది.

పాత పొడుపులను సేకరించేటప్పుడు చెప్పినవారి మాటను దిద్దకుండా, ఉన్నది ఉన్నట్లుగా వ్రాసుకొని, ఊరి పేరును, వారు చెప్పిన విడుపును కూడా నమోదు చేయాలి. ఒకే పొడుపుకు రెండు ఊళ్ళలో రెండు జవాబులు రావడం సహజం. రెండింటినీ భద్రపరచి, కట్టలోకి మాత్రం ఒకదానినే తీసుకోవాలి. పైకి అశ్లీలంగా ధ్వనిస్తూ విడుపు అమాయకంగా ఉండే పొడుపులు కూడా పెద్దల వద్ద తక్కువేమీ కాదు. బడి పిల్లల కట్టలో వాటికి చోటు లేకున్నా సేకరణ పుస్తకంలో వ్రాసుకొనడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. కేవలం మాటల శబ్దంపై నడిచే శ్లేషలు బొమ్మకు లొంగవు కనుక వాటిని నోటితో చెప్పుకొనే ఆటకే వదలివేయడం ఉచితం.

ఖాళీ కార్డులు పదహారూ నిండిన తరువాత, కట్టలో ఎవరికీ కొరుకుడుపడని పొడుపులు ఏవో ఆటగాళ్ళే ఎంచి పక్కన పెట్టి, వాటి స్థానంలో తాము కట్టిన వాటిని విడుపు బొమ్మతో సహా చేర్చుకొంటారు. చేర్చే ముందు కొత్త పొడుపును కట్టలోని మిగిలిన 45 విడుపులతోనూ మళ్ళీ సరిచూడవలసి ఉంటుంది.