వాన పడబోతోంది, వాన పడుతుంది

మబ్బు కమ్ముకొచ్చి గాలి తిరిగితే "వాన పడబోతోంది" అంటాం. "రేపు వాన పడుతుంది" అనడం వేరు. మొదటిదానికి ఆధారం కళ్లముందే ఉంది, రెండోది అంచనా. ఫ్రెంచివాళ్లదీ ఇంచుమించు ఇదే పద్ధతి. మబ్బు చూసి "ఇల్ వా ప్లవ్వార్" అంటారు, రేపటి సంగతైతే "ఇల్ ప్లవ్రా" అంటారు. ఇక్కడ 'వా' అంటే 'వెళ్తుంది' అని అర్థం. మన 'పడబోతోంది'లో దాక్కున్నదీ 'పోవు' అనే క్రియే! 'పడ' తరవాత వచ్చిన 'పోతోంది' కాస్తా 'బోతోంది' అయింది. అందుకే ఫ్రెంచి నేర్చుకునే తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంగ్లీషు మీదుగా చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం.

'అలే' అంటే వెళ్లడం. దాని వర్తమాన రూపం పెట్టి, పక్కన అసలు క్రియను మార్పు లేకుండా ఉంచితే చాలు. 'జ వే పార్లే' అంటే నేను మాట్లాడబోతున్నాను. పుస్తకాలు దీన్ని 'దగ్గరి భవిష్యత్తు' అంటాయి గానీ ఆ పేరు కొంచెం దారి తప్పిస్తుంది. ముప్ఫై ఏళ్ల తరవాతి మాటకూ దీన్ని వాడతారు. ఇక్కడ చూడాల్సింది కాలం దూరమా దగ్గరా అన్నది కాదు, దాని వేరు ఇప్పటి స్థితిలో ఉందా లేదా అన్నది. "ఎల్ వా అవ్వార్ అం బేబే" అంటే ఆమె ఇప్పుడు గర్భవతి అని వినేవాళ్లకు తెలిసిపోతుంది. "ఎల్ ఓరా అం బేబే" అంటే ఎప్పుడో ఒకరోజు ఆమెకు బిడ్డ పుడుతుందని మాత్రమే. మెట్ల మీద తూలుతున్న పిల్లాణ్ణి చూసి "త్యు వా తోంబే!" అని అరుస్తారు, 'పడిపోతావ్!' అని. అక్కడ రెండో రూపం నోటికి రాదు.

ఒక తేడా మాత్రం ఉంది. 'తినబోతున్నాను' అని మనం రోజూ అనం, 'తింటాను' అంటాం. ఫ్రెంచివాళ్లు మాటల్లో 'జ వే మాంజే' అని ధారాళంగా అంటారు. మాట ఇచ్చేటప్పుడు, జోస్యం చెప్పేటప్పుడు, రాతలో రెండో రూపం ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ రెండో రూపం పుట్టుక తెలిస్తే బట్టీ సగం తగ్గుతుంది. లాటిన్ మాట్లాడే జనం 'మాట్లాడవలసి ఉంది' అన్నట్టుగా క్రియ పక్కన 'కలిగి ఉండు' అనే క్రియను చేర్చేవారు. అవి అతుక్కుపోయి ఒకే మాట అయ్యాయి. అందుకే భవిష్యత్తు ప్రత్యయాలు 'అవ్వార్' క్రియ రూపాల తోకలే. రాతలో ఆరు, పలకడంలో మూడే: ఏ, ఆ, ఓం. 'పార్లే' రాతలో చివర పలకని 'ర' ఉంటుంది. ప్రత్యయం చేరగానే అది పలుకుతుంది: జ పార్లరే. ఏ క్రియకైనా ప్రత్యయానికి ముందు 'ర' తప్పదు. మీరు రాసినదాంట్లో అది లేకపోతే తప్పు రాసినట్టే.

తంటా తెచ్చేది రోజూ వాడే కొద్ది క్రియలు. ఎక్కువగా వాడి వాడి అరిగినవి అవే. ఉండు అనే 'ఎత్ర్' భవిష్యత్తులో 'సర్' అవుతుంది: జ సరే. మన 'సరే'లాగే వినిపిస్తుంది గనక మరిచిపోరు. కలిగి ఉండు 'ఓర్', వెళ్లు 'ఇర్', చేయు 'ఫర్', తెలియు 'సోర్', చూచు 'వెర్', చేయగలుగు 'పుర్'. ఈ చివరి రెండింటినీ రాతలో రెండు 'ర'లతో రాయాలి, పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. వచ్చు అనే 'వనీర్' 'వ్యాంద్ర్' అవుతుంది, కోరు అనే 'వుల్వార్' 'వుద్ర్' అవుతుంది. ఈ 'ద' ఎక్కడిదంటారా? 'వెన్‌ర్' అని గబగబా పదిసార్లు అని చూడండి. 'న'కూ 'ర'కూ మధ్య 'ద' దానంతటదే దూరుతుంది. 'ల'కూ 'ర'కూ మధ్య కూడా అంతే.

మన తెలుగు అడ్డొచ్చే చోటు ఒకటుంది. "నువ్వు పారిస్‌లో ఉన్నప్పుడు కలుద్దాం" అంటాం. 'ఉన్నప్పుడు'లో భవిష్యత్తు కనబడదు. ఫ్రెంచిలో 'ఎప్పుడు' అనే 'కాం' తరవాత, జరగాల్సిన సంగతైతే, భవిష్యత్తే పెట్టాలి: "కాం త్యు సరా ఆ పారీ, ఓం స వెరా." అదే 'ఉంటే' అని షరతు పెడితే 'సి' వస్తుంది, దాని వెంట వర్తమానమే: "సి త్యు ఎ ఆ పారీ, ఓం స వెరా." రెండు వాక్యాలకూ రెండో సగం ఒకటే, మొదటి సగమే మారింది. ఈ జంటను నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకుని, 'సరా' స్థానంలో 'వ్యాంద్రా', 'ఫరా', 'ఓరా' పెడుతూ మీ సొంత వాక్యాలు అల్లుకోండి. అసలైన మొదళ్లు ఆ పనిలోనే నోటికొస్తాయి.